పరుపు కుట్టులో నల్ల చుక్కలు



పొద్దున లేచేసరికి మోచేతి మీద మూడు దద్దుర్లు వరసగా కనిపిస్తే మనకు ముందు గుర్తొచ్చేది దోమే. కిటికీ జాలీ ఎక్కడైనా చిరిగిందేమో చూస్తాం, రాత్రికి దోమల మందు పెడతాం, అయినా తగ్గకపోతే తిన్నది ఏదో పడలేదనుకుంటాం. ఈ అనుమానాల్లో రెండు మూడు వారాలు గడిచిపోతాయి. నల్లి పరుపులో స్థిరపడటానికి ఆ కాస్త గడువు చాలు.

నల్లులు పాతకాలపు నులకమంచాలతో, సినిమా హాలు కుర్చీలతో పోయాయనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోలేదు. డీడీటీ వచ్చిన కొత్తలో బాగా తగ్గిన మాట నిజమే. కానీ 1947 నాటికే హవాయిలోని పెర్ల్ హార్బర్ సైనికుల బ్యారక్‌లలో డీడీటీకి లొంగని నల్లులు కనిపించాయి. ఇప్పుడు ఇంట్లో కొట్టుకునే స్ప్రేలలో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ మందులకు కూడా అవి చాలాచోట్ల అలవాటుపడ్డాయి. పైగా నులకమంచాన్ని వారానికొకసారి ఎండలో నిలబెట్టి దులిపేవాళ్లం. ఇప్పటి బాక్స్ మంచాన్ని, దాని మీద ఎనిమిదంగుళాల పరుపుని ఎవరు కదుపుతారు? కొన్ననాటి నుంచి ఆ పరుపు కింది వైపు చూడని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

అందుకని ఇవాళ ఒక్క విషయం గురించే మాట్లాడతాను. నల్లి చేరిందని పరుపు ఎలా చెబుతుంది, అది తెలిసిన రోజు నుంచి మందు కొట్టేవాళ్లను పిలిచే రోజు వరకు మనం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు.

మొదటి మాట. ఒంటి మీద దద్దుర్లు నల్లికి సాక్ష్యం కావు. నల్లి కుట్టినప్పుడు నొప్పి తెలియదు. తర్వాత దురద పెట్టేది దాని లాలాజలం పడక మన చర్మం చూపించే ప్రతిక్రియ. అది అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి మర్నాడే తేలుతుంది, కొందరికి వారం, పది రోజుల తర్వాత తేలుతుంది, కొందరికి అసలు ఏమీ రాదు. ఒకే పరుపు మీద పడుకున్న భార్యకు చేతులంతా దద్దుర్లు, భర్తకు ఒక్కటీ లేదు. అప్పుడు ఆయన ఏమంటాడు? నల్లులుంటే నన్నెందుకు కుట్టవు, నీకు ఎలర్జీ అంటాడు. నల్లి ఇద్దరినీ కుడుతూనే ఉంటుంది. దద్దుర్లు వరసగా ఉంటే నల్లి, విడివిడిగా ఉంటే దోమ అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. అదీ నమ్మకంగా పనికొచ్చేది కాదు. గజ్జి కూడా రాత్రిపూట ఎక్కువ దురద పెడుతుంది కాబట్టి దద్దుర్లు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. నల్లుల వల్ల రోగాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని ఇంతవరకు రుజువు కాలేదు, ఆ భయం అక్కర్లేదు. దురద, గోకితే పుండు, నిద్ర చెడటం, వీటితోనే బాధ.

కాబట్టి చూడాల్సింది చర్మాన్ని కాదు, పరుపుని.

నల్లి పగలంతా సందులో ఉంటుంది. మనం విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వెచ్చదనం దానికి దారి చూపిస్తాయి. రాత్రి బయటికి వచ్చి ఐదు నుంచి పది నిమిషాలు నెత్తురు తాగి తిరిగి సందులోకి పోతుంది. రెక్కలు లేవు, ఎగరదు, గెంతదు, నడవటమే. ఆ నడిచే దారిలో, దాక్కునే సందు అంచున, అరిగిన నెత్తురుని విసర్జిస్తుంది. అదే నల్ల చుక్క. సిరా పెన్ను కొసతో బట్ట మీద తాకించినట్టు ఉంటుంది, బట్టలోకి ఇంకి అంచు కాస్త పాకుతుంది. బొద్దింక రెట్ట అయితే గట్టిగా గింజలా ఉంటుంది, గోటితో గీరితే రాలిపోతుంది. నల్లి చుక్క రాలదు. అనుమానం ఉంటే తెల్లగుడ్డ తడిపి ఆ చుక్క మీద అద్దండి. తుప్పు రంగు గుడ్డకు అంటుకుంటే అది అరిగిన నెత్తురే. దుప్పటి మీద ఎర్రటి గీత లాంటి మరక కనిపిస్తే అది వేరు. నెత్తురు తాగి ఉబ్బిన నల్లి మనం పక్కకు దొర్లినప్పుడు నలిగితే పడే మరక అది. ఒకటి రెండు ఎర్ర మరకలు మొటిమ చిదిమినా పడతాయి, వాటిని బట్టి నిర్ణయానికి రాకూడదు. నల్ల చుక్కలు ఒకే చోట పదో పదిహేనో కనిపిస్తే మాత్రం సందేహించక్కర్లేదు.

రెండో గుర్తు కుబుసాలు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పెద్దదయ్యేలోపు ఐదుసార్లు చర్మం విడుస్తుంది. ప్రతిసారీ విడవటానికి ముందు ఒకసారైనా నెత్తురు తాగాలి. ఆ విడిచిన చర్మాలు గోధుమ రంగులో, ఊదితే ఎగిరిపోయేంత పలచగా, నల్లి ఆకారంలోనే ఉంటాయి. వాటి సైజు చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. రెండు మూడు పెద్ద నల్లులు, కాసిని చిన్న కుబుసాలు మాత్రమే ఉంటే నల్లి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. అన్ని సైజుల కుబుసాలూ గుట్టగా ఉంటే నెలలు దాటింది, ఆ ఇంటికి మందు కొట్టేవాళ్లు కావాల్సిందే.

గుడ్లు ఒక మిల్లీమీటరు పొడవుంటాయి, తెల్లగా, కుట్టులోని దారానికి జిగురుతో అంటుకుని ఉంటాయి. దులిపితే రాలవు. మన వేడికి ఇంచుమించు వారం, పది రోజుల్లో పొదుగుతాయి. తిండి దొరికితే ఇంకో ఐదారు వారాల్లో ఆ పిల్లే గుడ్లు పెట్టే తల్లి అవుతుంది. ఎదిగిన నల్లి కందిబద్ద అంత ఉంటుంది. ఆకలిగా ఉన్నప్పుడు కాగితంలా బల్లపరుపుగా ఉండటం వల్ల ఏటీఎం కార్డు దూరే సందు దొరికితే చాలు దానికి.

ఇక ఎక్కడ వెతకాలి? పరుపుని బట్టి ఉంటుంది. దూది పరుపు అయితే ముడులు వేసి గుంట పడ్డ చోట్లు, అంచు చుట్టూ తాడులా లావుగా కుట్టిన గోటు కింద. పీచు పరుపు అయితే గుడ్డ కవరు కుట్టు విడిన మూలలు, ఎందుకంటే లోపల పీచు నిండా సందులే, ఒకసారి లోపలికి పోతే బయటికి తీయటం మన తరం కాదు. ఫోమ్ పరుపు అయితే జిప్పు మీద కప్పిన పట్టీ, కంపెనీ లేబులు కింద మడత. స్ప్రింగ్ పరుపు అయితే అడుగున పరిచిన పలచటి నల్లగుడ్డ, మూలలకు బిగించిన ప్లాస్టిక్ ముక్కలు. నల్లి కొత్తగా చేరినప్పుడు ఎక్కువగా తలవైపు మూలల్లోనే దొరుకుతుంది, మనిషికి దగ్గరలో ఉండటం దానికి ఇష్టం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడలో భార్యాభర్తలు. కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేస్తున్నాడు, సంక్రాంతికి వచ్చాడు. బస్సు దిగి ఇంటికి రాగానే బ్యాగు తెచ్చి అమ్మానాన్నల మంచం మీదే పడేశాడు, బట్టలు అక్కడే బయటికి తీశాడు. నాలుగు రోజులుండి వెళ్లిపోయాడు. ఆ బ్యాగు కుట్టులో కడుపుతో ఉన్న ఒక్క ఆడ నల్లి వచ్చినా చాలు. ఫిబ్రవరి రెండో వారానికి తల్లికి మెడ మీద, మోచేతుల మీద దురద మొదలైంది. తండ్రికి ఏమీ లేదు.

ఈ ఇంట్లో వెతకటం ఇలా జరగాలి. కావలసినవి ఒక టార్చి, పాత ప్లాస్టిక్ కార్డు, సెల్లోటేపు, తెల్ల కాగితం. పగలు చేసినా ఫరవాలేదు, గది చీకటి చేసి టార్చిని పరుపుకి వాలుగా పట్టాలి. ముందు దిండు గలేబు తిరగేసి మూలలు చూస్తారు. తర్వాత దుప్పటిని దులపకుండా, అంచులు లోపలికి మడుస్తూ చుట్టి తీస్తారు. దులిపితే నల్లిపిల్లలు గది అంతా పడతాయి. అప్పుడు తలవైపు మూల దగ్గర మొదలుపెట్టి పరుపు గోటుని బొటనవేలితో పైకెత్తుతూ, కార్డు అంచుని కుట్టు వెంట నెమ్మదిగా నడిపిస్తూ చుట్టూ తిరగాలి. పై గోటు అయ్యాక అడుగు గోటు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పరుపుని నిలబెట్టి, పరుపు ఆనే చెక్క, తలాపు పలక వెనక వైపు, మేకుల బొక్కలు, పట్టెలు కలిసే మూలలు చూడాలి. ఈ ఇంట్లో తండ్రి పడుకునే వైపు తలాపు మూలలో గోటు కింద పన్నెండు నల్ల చుక్కలు, నాలుగు కుబుసాలు, ఒక బతికున్న నల్లి దొరికాయనుకుందాం. దురద లేని మనిషి వైపే గూడు. ఇది వింత కాదు.

దొరికిన నల్లిని నలపొద్దు. సెల్లోటేపుతో అద్ది తెల్ల కాగితానికి అంటించి తారీకు రాసి పెట్టండి. రేపు మందు కొట్టేవాళ్లు వస్తే ఊహతో కాకుండా చూసి పని మొదలుపెడతారు.

ఇప్పుడు అందరూ చేసే మొదటి పని, గది మారటం. హాల్లో సోఫా మీద పడుకుంటారు. శివుడు కొండ మీద, విష్ణువు శేషుడి మీద పడుకోవటానికి కారణం నల్లుల బాధేనని మన చాటుకవి చమత్కరించాడు గానీ ఆ ఉపాయం మనుషులకు పనిచెయ్యదు. తిండి దొరకని నల్లి మనిషిని వెతుక్కుంటూ నడుస్తుంది. మనతో పాటు మన దుప్పటిలోనే హాల్లోకి వస్తుంది. ఒక గదిలో ఉన్న బెడద రెండు గదులకు పాకుతుంది. గదికి తాళం వేసి ఆకలితో మాడ్చేద్దామన్నా కుదరదు, నెత్తురు లేకుండా నెలల తరబడి బతకగలదు. కాబట్టి ఆ భార్యాభర్తలు అదే గదిలో, అదే మంచం మీద పడుకోవాలి, మంచాన్ని బాగుచేసుకుని.

బాగుచేయటం బట్టలతో మొదలు. దుప్పట్లు, గలేబులు, మంచం మీద ఉన్న బట్టలు గదిలోనే పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, అప్పుడు బయటికి తీసుకెళ్లాలి. నల్లిని చంపేది సబ్బు కాదు, వేడి. వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల వేడినీటి పద్ధతి ఉంటే అది చాలు. లేకపోతే బక్కెట్‌లో మరిగే నీళ్లు పోసి బట్టలు పూర్తిగా మునిగేలా అరగంట మూతపెట్టి తర్వాత ఉతకాలి. ఉతికినవి అదే సంచిలో పెట్టకూడదు. నీళ్లు పడని వాటికి మన ఎండ ఉపయోగపడుతుంది, కాని కొంచెం కిటుకుంది. నల్లి 45 డిగ్రీల వేడిలో గంటన్నరకు చచ్చిపోతుంది, గుడ్డుకి అదే వేడి ఏడు గంటల దాకా కావాలి. 50 దాటితే నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకే పలచటి దుప్పటిని, బ్యాగుని నల్లటి ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి ఎర్రటి ఎండలో సిమెంటు డాబా మీద పెడితే వేసవిలో లోపల ఆ వేడి వస్తుంది. మధ్యలో ఒక థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. పూర్తి పరుపుకి ఇది కుదరదు. డాబా మీద పరుపు వేస్తే పైభాగం కాలుతుంది, నల్లులు నింపాదిగా నీడ వైపుకి, లోపలికి నడుస్తాయి. సాయంత్రం పరుపు తెచ్చి వేసుకున్నాక మళ్లీ అవే నల్లులు. తరతరాల అలవాటు కాబట్టి ఎండబెట్టొద్దనను, ఎండతో పని పూర్తయిందనుకోవద్దంటాను.

పరుపుకి చేతిపని తప్పదు. గట్టి కుంచెల బ్రష్షుతో గోటు వెంట రుద్దితే గుడ్లు ఊడుతాయి. వెనకే వాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో పీల్చుకుంటూ రావాలి. అది లేని ఇళ్లలో వెడల్పు సెల్లోటేపు, పక్కన సబ్బునీళ్ల గిన్నె చాలు, కాస్త ఓపిక ఎక్కువ కావాలి. వాక్యూమ్ సంచిని వెంటనే ఇంటి బయట విప్పి, ప్లాస్టిక్‌లో ముడివేసి చెత్తలో వెయ్యాలి. మూలన పెడితే అందులోంచి నడిచి వస్తాయి. బట్టల ఇస్త్రీకి వాడే ఆవిరి యంత్రం ఉంటే కుట్టు మీద మెల్లగా, అడుగు దూరానికి పది పదిహేను సెకన్లు పట్టేలా జరపండి. ఆవిరి జోరుగా కొడితే నల్లులు ఎగిరి పక్కన పడతాయి, గుడ్డ చుట్టిన మూతితో అద్దితే మంచిది. దూది పరుపు అయితే తర్వాత బాగా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. చెక్క మంచం మేకుల బొక్కల్లో, ఇనప మంచం గొట్టాల చివర మరిగే నీళ్లు పోస్తే అక్కడ ఉన్నవి ఉన్నట్టే పోతాయి. చేతులు జాగ్రత్త.

తర్వాత పరుపుకి చుట్టూ జిప్పు ఉండే కవరు వేసి మూసెయ్యాలి. లోపల మిగిలినవి బయటికి రాలేవు, ఆకలితో పోతాయి. ఏడాదిపాటు తీయకూడదు. చిరిగిన కవరు ఉన్నా లేనట్టే.

మంచాన్ని గోడకు దూరంగా జరపాలి. దుప్పటి అంచు నేలకు తగలకూడదు. నాలుగు కోళ్ల కింద నాలుగు గిన్నెలు. చీమలు ఎక్కకుండా మన పెద్దవాళ్లు గిన్నెల్లో నీళ్లు పోసి పెట్టేవారు, అదే పద్ధతి. ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అమెరికా, యూరప్‌లలో నున్నటి గోడలున్న ప్లాస్టిక్ గిన్నెలు కోళ్ల కింద పెడతారు, నల్లి అందులో పడి ఎక్కలేక ఆగిపోతుంది. వాళ్ల నల్లి వేరు. మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే ఉష్ణమండల నల్లి, సైమెక్స్ హెమిప్టెరస్, కాళ్లకు పట్టు ఎక్కువ కాబట్టి నున్నటి గోడ కూడా ఎక్కేస్తుందని 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అందుకని అలాంటి గిన్నె కొన్నా సరే, అందులో వేలు మందం సబ్బునీళ్లు పోయండి. సబ్బు ఎందుకంటే వట్టి నీళ్ల మీద నల్లిపిల్లలు తేలతాయి. రోజూ పొద్దున టార్చి వేసి గిన్నెలు చూసుకుని, ఏ కోడు దగ్గర ఎన్ని పడ్డాయో రాసుకుంటే బెడద తగ్గుతోందా లేదా అన్నది తెలుస్తుంది. గిన్నెలోపలి అంచున పడితే మంచంలోవి, బయటి అంచున పడితే గదిలోవి అని చెప్పే రెండు గోడల గిన్నెలూ దొరుకుతాయి.

చెయ్యకూడనివి మూడే చెబుతాను. పొగలా వ్యాపించే మందు డబ్బా గదిలో పేల్చొద్దు, అది సందుల్లోకి పోదు, నల్లుల్ని పక్కగదికి తరుముతుంది. కిరసనాయిలు, స్పిరిటు పరుపు మీద పొయ్యొద్దు, ఒక్క అగ్గిపుల్ల చాలు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పొలం మందులు, ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లోకి తేవొద్దు. ఆ మాత్రకు గాలిలోని చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన గదిలోంచి కూడా అది పక్కగదికి, పక్క వాటాకి చేరుతుంది. దానికి విరుగుడు మందు లేదు. నల్లుల కోసం వాడి మనుషులు పోయిన సంఘటనలు ఉన్నాయి.

ఇంత చేశాక ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటి వారం గిన్నెల్లో ఐదారు పడతాయి, అంటుకుని మిగిలిన గుడ్లు పొదగటంతో రెండో వారం నల్లిపిల్లలు పడతాయి. అప్పుడు మళ్లీ ఒకసారి బ్రష్షు, వాక్యూమ్, వేడినీళ్లు. ఆ తర్వాత ఆరు వారాలు గిన్నెలు ఖాళీగా, కొత్త చుక్కలు లేకుండా ఉంటే బెడద తీరినట్టు. పాత చుక్కలు ఉతికినా పోవు కాబట్టి వాటి చుట్టూ పెన్నుతో గీత గీసి పెట్టుకుంటే కొత్తవేవో తెలుస్తాయి. అలా కాకుండా రెండో గదిలో చుక్కలు కనిపించినా, స్విచ్ బోర్డు వెనక, తలుపు చట్రంలో నల్లి దొరికినా, అపార్ట్‌మెంట్‌లో పక్క వాటావాళ్లు కూడా దురద అంటున్నా ఇక ఆలస్యం చెయ్యొద్దు, మందు కొట్టేవాళ్లను పిలవండి. హాస్టల్‌లో ఉన్న కొడుక్కి కూడా ఫోన్ చేసి అతని పరుపు చూసుకోమనండి. అక్కడ ఉన్నంతకాలం ప్రతి పండక్కి అవి ఇంటికి వస్తూనే ఉంటాయి.

పిలిచేటప్పుడు 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉందా అని అడగండి. ఏ మందు కొడుతున్నారో పేరు రాసివ్వమనండి. మళ్లీ ఎప్పుడు వస్తారో అడగండి. చాలా మందులు గుడ్లను చంపవు, కాబట్టి రెండు వారాల తర్వాత రెండోసారి రావాలి. ఒక్కసారి కొడితే చాలని గ్యారంటీ ఇచ్చేవాళ్లకు డబ్బు ఇవ్వకండి.